రెండు స్టేజ్‌ల మధ్య మ్యాచింగ్ ఎందుకు వద్దు, ఎప్పుడు కావాలి

(ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి రాతరూపం. తడబాట్లను మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. మీ ల్యాబులో మీరందరూ ఒక్కసారైనా చూసిన సంగతితో మొదలుపెడతాను. ఫంక్షన్ జనరేటర్‌లో 1 వోల్ట్ పెట్టి, వైరు నేరుగా ఆసిలోస్కోప్‌కు తగిలిస్తే తెరమీద 2 వోల్టులు కనిపిస్తాయి. అప్పుడు మీరేం చేస్తారు? పక్క బెంచీ మీది జనరేటర్ తెచ్చి చూస్తారు. అదీ 2 వోల్టులే చూపిస్తుంది. జనరేటర్ చెడిపోలేదు, స్కోప్ చెడిపోలేదు. జనరేటర్ లోపల 50 ఓమ్‌ల నిరోధం ఉంది, బయట కూడా 50 ఓమ్‌ల లోడ్ ఉంటుందని అది నమ్ముకుని ఉంది. ఆ లోడ్ ఉంటే లోపలి 2 వోల్టుల్లో సగం లోపలే పడిపోయి, సగం బయటికి వస్తుంది కాబట్టి తన తెరమీద 1 వోల్ట్ అని రాసుకుంది. స్కోప్ ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్ కనుక పడిపోవడానికి ఏమీ లేక, ఉన్న 2 వోల్టులూ అటే వచ్చేశాయి. మెనూలో లోడ్‌ను High Z అని మారిస్తే రెండు తెరలూ ఒకే మాట చెబుతాయి.

ఈ చిన్న సంఘటనలోనే ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఉంది. మ్యాచింగ్ చేశారంటే అర్థం ఏమిటి? సోర్స్ ఇవ్వగలిగిన వోల్టేజిలో సగాన్ని వదులుకున్నారని అర్థం. ఆ సగానికి బదులుగా మీకు ఏదో ఒకటి దక్కాలి కదా? ఏం దక్కింది, అది మీకు అవసరమా, అని అడగకుండా మ్యాచింగ్ చేయడం మన విద్యార్థుల్లోనే కాదు, చాలా ఏళ్లు పనిచేసినవారిలో కూడా కనిపించే అలవాటు.

మ్యాక్సిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థియరమ్‌ను మీరందరూ అప్పజెప్పగలరు. లోడ్ నిరోధం సోర్స్ నిరోధానికి సమానమైనప్పుడు లోడ్‌కు అత్యధిక పవర్ అందుతుంది. ఇంటర్మీడియెట్ తెలుగు మాధ్యమంలో చదివినవారు సోర్స్ నిరోధం బదులు అంతర్నిరోధం అని చదివి ఉంటారు. మాట ఏదైనా సంగతి ఒక్కటే. అయితే ఆ వాక్యంలో ఒక షరతు ఉంది, దాన్ని పరీక్షలో ఎవరూ అడగరు కనుక ఎవరూ గుర్తుపెట్టుకోరు. సోర్స్ మన చేతిలో లేదు, అది ఎలా ఉందో అలాగే ఉంటుంది. మార్చగలిగింది లోడ్‌ను మాత్రమే. ఆ షరతు మీదే థియరమ్ నిలబడి ఉంది. ఇప్పుడు దాన్ని తిరగేసి చూడండి. లోడ్ మన చేతిలో లేదు, సోర్స్ లోపలి నిరోధాన్ని మార్చగలం అనుకోండి. అప్పుడు లోడ్‌కు ఎక్కువ పవర్ రావాలంటే ఆ నిరోధం ఎంత ఉండాలి? లోడ్‌తో సమానంగానా? కాదు, సున్నాగా ఉండాలి. ఎందుకంటే లోడ్ ఎదుట నిలబడి దారి అడ్డగిస్తున్న ఆ నిరోధాన్ని ఎంత తగ్గిస్తే లోడ్‌కు అంత వోల్టేజి, అంత కరెంటు, అంత పవర్ అందుతాయి.

ఈ పొరపాటుకు వయసు చాలా ఎక్కువ. మోరిట్జ్ జాకోబీ అని పంతొమ్మిదో శతాబ్దపు ఇంజినీరు ఉండేవాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెవా నది మీద బ్యాటరీతో తిరిగే మోటారుతో పడవ నడిపినవాడు. ఈ నియమం ఆయన పేరు మీదే చలామణి అయింది. దాన్ని చదివిన కొందరు, అత్యధిక పవర్ దొరికే చోట సోర్స్‌లోనూ లోడ్‌లోనూ సగం సగం ఖర్చవుతుంది కాబట్టి ఏ విద్యుత్ యంత్రమూ 50 శాతం దక్షతను దాటలేదని తేల్చేశారు. అత్యధిక పవర్, అత్యధిక దక్షత ఒకటే అనుకున్నారన్నమాట. ఎడిసన్ బృందం అంతర్నిరోధం బాగా తక్కువగా ఉండే డైనమోను కట్టి, బయటి లోడ్ నిరోధాన్ని దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంచినప్పుడు దక్షత సగాన్ని దాటి చాలా పైకి వెళ్లింది. మన ఇళ్లలోని ప్లగ్గుకు కూడా ఎవరూ మ్యాచింగ్ చేయరు. చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి: ఇంట్లోకి వచ్చేది 115 వోల్టులే, మిగతా 115 వోల్టులతో వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాగిపోతూ ఉంటుంది.

సరే, యాంప్లిఫైయర్‌కు వద్దాం. బోర్డు మీద ఉన్న సర్క్యూట్ మీకు కొత్తది కాదు. బీసీ 547 ట్రాన్సిస్టర్, 12 వోల్టుల సప్లై. బేస్ దగ్గర పైన 47 కిలో ఓమ్‌లు, కింద 10 కిలో ఓమ్‌లు. ఎమిటర్‌లో 1.5 కిలో ఓమ్‌లు, దానికి పక్కనే పెద్ద బైపాస్ కెపాసిటర్. కలెక్టర్‌లో 4.7 కిలో ఓమ్‌లు. దాదాపు 1 మిల్లీ ఆంపియర్ ప్రవహిస్తుంది, కలెక్టర్ 7.5 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ఇలాంటి స్టేజ్‌లు రెండు, మధ్యలో ఒక కప్లింగ్ కెపాసిటర్.

ఒక్క స్టేజ్ గెయిన్ ఎంత? 1 మిల్లీ ఆంపియర్ దగ్గర ఎమిటర్ లోపలి నిరోధం 26 ఓమ్‌లు. 4700ను 26తో భాగిస్తే 180. లోడ్ ఏమీ తగిలించకుండా కొలిస్తే ల్యాబులో కూడా ఇంచుమించు ఇంతే వస్తుంది. అయితే రెండు స్టేజ్‌లకు 180 గుణించు 180, అంటే 32,400 రావాలి. వచ్చిందా? రాదు. 13,000 చుట్టుపక్కల ఏదో వస్తుంది. మిగతాది ఏమైపోయింది?

రెండో స్టేజ్ బేస్ వైపు నుంచి చూడండి. ట్రాన్సిస్టర్ బీటా 200 అనుకుంటే బేస్‌లోకి కనిపించే నిరోధం 200 గుణించు 26, అంటే 5.2 కిలో ఓమ్‌లు. సిగ్నల్ దృష్టిలో బయాస్ రెసిస్టర్లు రెండూ దానికి సమాంతరంగానే ఉన్నాయి. మొత్తం కలిపితే 3.2 కిలో ఓమ్‌లు. మొదటి స్టేజ్ అవుట్‌పుట్ నిరోధం 4.7 కిలో ఓమ్‌లు. అంటే కలెక్టర్ దగ్గర పుట్టిన వోల్టేజిలో 3.2ను 7.9తో భాగించినంత, 0.40 వంతు మాత్రమే, రెండో బేస్‌కు చేరుతోంది. మొదటి స్టేజ్ గెయిన్ 180 నుంచి 73కు పడిపోయింది. సిగ్నల్‌లో అరవై పాళ్లు దారిలోనే పోయాయి.

ఇక్కడే మన థియరమ్ తలుపు తడుతుంది. ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చి, సార్, 4.7కూ 3.2కూ మ్యాచ్ కాలేదు కదా, అందుకే గెయిన్ పోతోంది, కలెక్టర్ రెసిస్టర్ తీసి 3.3 కిలో ఓమ్‌లు పెడితే సరిపోతుంది కదా, అన్నాడు. పెట్టి చూడమన్నాను. మీరు కూడా లెక్క వేయండి. 3.3, 3.2 సమాంతరంగా ఉంటే 1.6 పైచిలుకు కిలో ఓమ్‌లు. 26తో భాగిస్తే 62. మ్యాచ్ అయింది, గెయిన్ 73 నుంచి 62కు దిగింది! ఆ అబ్బాయి మొహం చూడాల్సింది. తర్వాత 6.8 కిలో ఓమ్‌లు పెట్టమన్నాను. మ్యాచింగ్ ఇంకా చెడింది, గెయిన్ మాత్రం 84కు పెరిగింది. బేస్‌కు అందే పవర్ కూడా దానితోపాటే పెరిగింది.

ఎందుకిలా? థియరమ్ అబద్ధమా? కాదు. ట్రాన్సిస్టర్ కలెక్టర్ దాదాపు ఒక కరెంట్ సోర్స్. దానికి అడ్డంగా ఉన్న 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను మార్చినప్పుడు మీరు లోడ్‌ను మార్చలేదు, సోర్స్‌నే మార్చారు. థియరమ్ పెట్టిన ఒకే ఒక షరతును మీరే తెంచేసి, ఆ తర్వాత థియరమ్ ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదని దాన్ని తిట్టడం న్యాయం కాదు. ఇక 6.8ని దాటి 15, 22 అంటూ పెంచుకుంటూ పోవచ్చా అని అడుగుతారు. పోలేరు, 1 మిల్లీ ఆంపియర్ దగ్గర 10 కిలో ఓమ్‌లు పెడితేనే 10 వోల్టులు దాని మీదే పడిపోతాయి, ట్రాన్సిస్టర్ ఊపిరి తీసుకోవడానికి చోటు ఉండదు. ఇక్కడ అడ్డం వచ్చేది డీసీ బయాస్ తప్ప ఇంపెడెన్స్ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతాను. రెండో స్టేజ్ బేస్‌కు పవర్ ఎందుకు? అక్కడ 2 మిల్లీవోల్టుల సిగ్నల్ ఉందనుకోండి. 3.2 కిలో ఓమ్‌లలో అది ఖర్చుపెట్టే పవర్ ఒక నానోవాట్ పైచిలుకు. అదే స్టేజ్ సప్లై నుంచి తాగుతున్నది 12 మిల్లీవాట్లు, అంటే దానికి కోటి రెట్ల దాకా. బయటికి వచ్చే సిగ్నల్ పవర్ అంతా ఆ 12 మిల్లీవాట్ల నుంచి వస్తుందే తప్ప, బేస్‌లో పోసిన నానోవాట్ నుంచి రాదు. బేస్‌లో పోసినది వేడెక్కి పోతుంది, అంతే. కాలువ తూమును తిప్పే మనిషి చేతి బలానికీ, తూములోంచి పారే నీటి బలానికీ సంబంధం ఏమిటి? తూము ఎంత తెరుచుకుందన్నదే లెక్క. ట్రాన్సిస్టర్‌లో ఆ తెరుచుకోవడాన్ని నిర్ణయించేది బేస్, ఎమిటర్‌ల మధ్య వోల్టేజి. అందువల్ల మనం వెతకాల్సింది ఆ వోల్టేజి పూర్తిగా చేరే దారిని.

ఆ దారి ఎమిటర్ ఫాలోయర్. మొదటి కలెక్టర్‌కు మూడో ట్రాన్సిస్టర్ బేస్‌ను నేరుగా తగిలించండి, కలెక్టర్ 7.5 వోల్టుల దగ్గర ఉంది కనుక వేరే బయాస్ అక్కర్లేదు, ఎమిటర్ 6.9 వోల్టుల దగ్గర కూర్చుంటుంది. అక్కడ నుంచి భూమికి 4.7 కిలో ఓమ్‌లు. ఈ ఎమిటర్ నుంచి కెపాసిటర్ ద్వారా రెండో స్టేజ్‌కు పోవాలి. మొదటి కలెక్టర్‌కు ఇప్పుడు కనిపించే లోడ్ 3.2 కిలో ఓమ్‌లు కాదు, 380 కిలో ఓమ్‌లకు పైమాట. రెండో స్టేజ్‌కు కనిపించే సోర్స్ 4.7 కిలో ఓమ్‌లు కాదు, 41 ఓమ్‌లు: ఫాలోయర్ సొంత 18, దానికి తోడు 4700ను 200తో భాగిస్తే వచ్చిన 23 చిల్లర. చేరే వోల్టేజి 0.40 వంతు నుంచి 0.98 వంతుకు పెరిగింది.

41 ఓమ్‌లు ఒక పక్క, 3200 ఓమ్‌లు ఇంకో పక్క. దాదాపు 80 రెట్ల తేడా. థియరమ్‌ను బట్టీపట్టినవారికి ఇంతకన్నా చెడ్డ మ్యాచింగ్ దొరకదు. అయినా రెండో బేస్‌కు అందే పవర్‌ను లెక్కవేయండి: వోల్టేజి 2.4 రెట్లు పెరిగింది, పవర్ దాని వర్గం కనుక ఆరు రెట్ల దరిదాపుకు వెళ్లింది. మ్యాచింగ్ ఇవ్వలేని పవర్‌ను మిస్‌మ్యాచ్ ఇచ్చింది! ఎక్కడి నుంచి వచ్చింది? ఫాలోయర్ తన సప్లై నుంచి తెచ్చి ఇచ్చింది. మొదటి కలెక్టర్‌ను ఎవరూ ఏమీ అడగలేదు.

గెయిన్ పెరగడం కన్నా నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి ఉంది. బీసీ 547ను ఏ, బీ, సీ గ్రూపులుగా అమ్ముతారు. అంగట్లో గ్రూపు చూడకుండా కొంటే బీటా 110 ఉన్నదీ రావచ్చు, 450 ఉన్నదీ రావచ్చు. నేరుగా కలిపిన సర్క్యూట్‌లో రెండో ట్రాన్సిస్టర్ బీటా 110 అయితే దాని ఇన్‌పుట్ నిరోధం 2.1 కిలో ఓమ్‌లు, చేరే వోల్టేజి 0.31 వంతు. 450 అయితే 4.8 కిలో ఓమ్‌లు, 0.51 వంతు. అంటే రెండో ట్రాన్సిస్టర్‌ను మార్చినందుకు మొదటి స్టేజ్ గెయిన్ 56 నుంచి 92 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఎదుటివాడు ఎవరన్నదాన్ని బట్టి నా గొంతు మారుతోందన్నమాట. ఫాలోయర్ ఉన్నప్పుడు అదే తేడా 0.96, 0.99 మధ్య ఉంటుంది. పది బోర్డులు చేసి పదీ ఒకేలా పనిచేయాలనుకునేవాడికి ఇది గెయిన్ కన్నా విలువైనది. ల్యాబులో దీన్ని గుర్తుపట్టడం తేలిక: రెండో ట్రాన్సిస్టర్‌ను పీకి ఇంకొకటి గుచ్చండి, మొదటి కలెక్టర్ దగ్గర సిగ్నల్ మారితే మీ స్టేజ్‌లు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి.

ఇప్పుడు థియరమ్ పక్షాన మాట్లాడతాను, ఎందుకంటే దానికి నిజంగా గెలుపు దక్కే చోటు ఒకటి ఉంది. సోర్స్‌ను మార్చలేను, లోడ్‌నూ మార్చలేను, కానీ మధ్యలో నష్టం లేని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టగలను అనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గించి కరెంటును పెంచుతుంది, లేదా దీనికి తలకిందులుగా చేస్తుంది. అప్పుడు లోడ్ మీద అత్యధిక వోల్టేజి రావాలన్నా, అత్యధిక పవర్ రావాలన్నా చేయాల్సింది ఒక్కటే, చుట్ల నిష్పత్తితో మ్యాచ్ చేయడం. లోడ్ నిరోధం మారనప్పుడు పవర్, వోల్టేజి రెండూ కలిసే పెరుగుతాయి కదా.

మన 4.7, 3.2 జంటకు అలా చేస్తే ఏమొస్తుంది? 1.21కి 1 నిష్పత్తి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పక్కాగా మ్యాచ్ అవుతుంది. నేరుగా కలిపితే 0.405 వంతు చేరుతోంది. మ్యాచ్ చేస్తే 0.413 వంతు. రెండు శాతం! ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ కొని, దాని హమ్ భరించి సంపాదించింది ఇది. కానీ ఆ 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను పూర్తిగా తీసేసి, కలెక్టర్‌కు డీసీని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల ద్వారానే ఇస్తే కథ మారుతుంది. ఇప్పుడు సోర్స్ నిరోధం ట్రాన్సిస్టర్ సొంత అవుట్‌పుట్ నిరోధం, ఉదాహరణకు 100 కిలో ఓమ్‌లు అనుకుందాం. దాన్ని 3.2 కిలో ఓమ్‌లకు 5.6 నిష్పత్తితో మ్యాచ్ చేస్తే, నష్టాలు లేవనుకున్నప్పుడు, బేస్ నుంచి బేస్‌కు గెయిన్ 340 దాటుతుంది. 73 ఎక్కడ, 340 ఎక్కడ?

పాత మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ రేడియోను విప్పినవారు ఎవరైనా ఉన్నారా? అందులో పసుపు, తెలుపు, నలుపు రంగు కోర్లున్న చిన్న చదరపు రేకు డబ్బాలు ఉంటాయి. రేడియో మెకానిక్‌లు ఐఎఫ్‌టీలు అంటారు. 455 కిలోహెర్ట్జ్ దగ్గర ట్యూన్ అయ్యే ట్రాన్స్‌ఫార్మర్లు అవి. ట్రాన్సిస్టర్ ఖరీదైన రోజుల్లో ఒక్కోదాని నుంచి పిండగలిగినంత గెయిన్ పిండాలి. ఎలాగూ స్టేషన్లను విడదీయడానికి ట్యూన్డ్ కాయిల్ కావాలి. ఆ కాయిల్‌కే ట్యాప్ వేసి మ్యాచింగ్ పని కూడా చేయించారు. అక్కడ కూడా పూర్తిగా మ్యాచ్ చేసేవారు కాదు, ఎందుకంటే పూర్తిగా లోడ్ చేస్తే కాయిల్ పదును తగ్గి పక్క స్టేషన్ కూడా వినిపిస్తుంది. అంటే థియరమ్ సొంతింట్లో కూడా దానికి పూర్తి అధికారం లేదు.

మ్యాచింగ్ తప్పనిసరయ్యే రెండో చోటు పొడవైన తీగ. ఇక్కడ కారణం పవర్ కాదు, ప్రతిధ్వని. తీగ పొడవు సిగ్నల్ తరంగదైర్ఘ్యంలో పదో వంతును మించినప్పుడు చివర్లో సరైన నిరోధం లేకపోతే సిగ్నల్ తగిలి వెనక్కి వస్తుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర కేబుల్‌లో తరంగదైర్ఘ్యం 2 మీటర్లు, కనుక 20 సెంటీమీటర్ల నుంచే జాగ్రత్త పడాలి; యాంటెనాకూ రిసీవర్‌కూ మధ్య 50 లేదా 75 ఓమ్‌లు అని పట్టుబట్టేది అందుకే. మరి 20 కిలోహెర్ట్జ్ దగ్గర? తరంగదైర్ఘ్యం 10 కిలోమీటర్లు. మీ బ్రెడ్‌బోర్డు మీద రెండు స్టేజ్‌ల మధ్య తీగ 10 సెంటీమీటర్లు. దాని మీద ఏ ప్రతిధ్వని కోసం మ్యాచింగ్ చేస్తున్నట్టు?

ఆడియోలో 600 ఓమ్‌లు అన్న అంకె ఈ దారిలోనే వచ్చింది. టెలిఫోన్ స్తంభాల మీద రెండు తీగలు పక్కపక్కన ఎన్నో కిలోమీటర్లు పోయేవి, వాటి స్వభావ ఇంపెడెన్స్ 600 ఓమ్‌ల దగ్గర ఉండేది. అక్కడ మ్యాచింగ్ న్యాయమే. రేడియో స్టూడియోలు ఆ సరంజామానే తెచ్చుకున్నాయి, 600 ఓమ్‌లలో ఒక మిల్లీవాట్, అంటే 0.775 వోల్టులు, కొలతగా స్థిరపడిపోయింది. తీగ గది దాటని చోట కూడా 600కు 600 కలిపారు. దాని తంటా ఏమిటంటే, ఒకే అవుట్‌పుట్ నుంచి రెండో పరికరానికి కూడా తీగ లాగితే మొదటిదాని లెవెల్ పడిపోతుంది. ఇప్పటి పద్ధతిలో అవుట్‌పుట్ 50 ఓమ్‌ల చుట్టుపక్కల, ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు. మూడు ఇన్‌పుట్‌లు సమాంతరంగా తగిలించినా వోల్టేజిలో ఒకటిన్నర శాతమే తేడా వస్తుంది, చెవికి తెలియదు.

మైక్రోఫోన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మ్యాచింగ్ చేసేవారికి గెయిన్ కాదు, నాయిజ్ దెబ్బ తగులుతుంది. డైనమిక్ మైకు సుమారు 200 ఓమ్‌లు. దాన్ని మ్యాచ్ చేయాలని ప్రీయాంప్ ఇన్‌పుట్‌కు అడ్డంగా 200 ఓమ్‌లు పెట్టారనుకోండి. సిగ్నల్ సగమైంది. పోనీ, తర్వాత గెయిన్ పెంచుకుంటాం అంటారు. కానీ యాంప్లిఫైయర్ సొంత నాయిజ్ సగం కాలేదు! అది 5 నానోవోల్టుల తరగతి ఆప్‌యాంప్ అయితే సిగ్నల్‌కూ నాయిజ్‌కూ మధ్య దూరం దాదాపు 6 డెసిబెల్‌లు తగ్గిపోతుంది, ఆ తర్వాత ఎంత గెయిన్ పెట్టినా అది తిరిగి రాదు. మైకు ప్రీయాంప్‌ల ఇన్‌పుట్ 2 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో ఉంచేది ఇందుకే. మైకు ముందు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవారు ఉన్నారు, నిజమే. అది కూడా యాంప్లిఫైయర్‌కు నాయిజ్ తక్కువ అనిపించే సోర్స్ నిరోధాన్ని చూపించడానికి పెడతారు, ఆ విలువకూ యాంప్లిఫైయర్ ఇన్‌పుట్ నిరోధానికీ సంబంధం లేదు. పేరు ఒకటే, నాయిజ్ మ్యాచింగ్ అంటారు, పని వేరు.

ఇంతా చెప్పి, సోర్స్ తక్కువ, లోడ్ ఎక్కువ అన్నదాన్ని కొత్త మంత్రంగా మీ చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. దానికీ హద్దులున్నాయి. మన ఉమ్మడి ఎమిటర్ స్టేజ్ బేస్‌ను 41 ఓమ్‌ల సోర్స్‌తో నడిపినప్పుడు సిగ్నల్ పూర్తిగా చేరుతుంది, కానీ బేస్ వోల్టేజికీ కలెక్టర్ కరెంటుకూ మధ్య ఉన్న వంపు కూడా పూర్తిగా బయటపడుతుంది. 2 మిల్లీవోల్టులకే రెండో హార్మోనిక్ రెండున్నర శాతం దాటుతుంది. ఎక్కువ నిరోధం ఉన్న సోర్స్ ఆ వంపును కొంత దాచేది. అందుకని రెండో స్టేజ్ ఎమిటర్‌లో 100 ఓమ్‌లు బైపాస్ చేయకుండా వదలండి. గెయిన్ 37కు దిగుతుంది, వంపు చాలావరకు సర్దుకుంటుంది, ఇన్‌పుట్ నిరోధం కూడా 6 కిలో ఓమ్‌లు దాటుతుంది.

ఇంకొకటి. స్టేజ్‌ల మధ్య పొడవైన షీల్డ్ కేబుల్ ఉంటే అది మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున కెపాసిటర్. 100 మీటర్లకు 10 నానోఫారడ్‌లు. 4.7 కిలో ఓమ్‌ల కలెక్టర్ నుంచి నేరుగా నడిపితే 3.4 కిలోహెర్ట్జ్ పైన అంతా మూగబోతుంది. ఫాలోయర్ పెడితే ఆ కష్టం తీరుతుంది, కానీ అంత కెపాసిటెన్స్ చూసి ఫాలోయర్ తనంతట తానే ఆసిలేట్ అయ్యే ప్రమాదం ఉంది. స్కోప్‌లో గీత లావుగా, మసకగా కనిపిస్తే అదే. కేబుల్ ముందు వరుసలో 100 ఓమ్‌లు పెట్టండి. ఆగిపోతుంది, పై హద్దు ఇంకా 100 కిలోహెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. అలా పెట్టిన 100 ఓమ్‌లను చూసి ఎవరైనా, ఓహో మ్యాచింగ్ చేశారా, అంటే కాదని చెప్పండి.

చివరి ప్రశ్న అడిగినవారు వెనక వరుసలో ఉన్నారు: అవుట్‌పుట్ నిరోధం 41 ఓమ్‌లు అని కాగితం మీద వచ్చింది సరే, బెంచీ మీద ఎలా కొలవాలి? పుస్తకంలోని పద్ధతి మీకు తెలుసు, వోల్టేజి సగమయ్యేదాకా లోడ్ తగ్గించుకుంటూ పోవడం. సగమైన చోట లోడ్ సోర్స్‌తో సమానం. ఆ ఒక్క పనికి మ్యాచింగ్ భలే పనికొస్తుంది. 4.7 కిలో ఓమ్‌ల కలెక్టర్‌కు ఆ పద్ధతి వాడండి. ఫాలోయర్‌కు మాత్రం వాడకండి. 41 ఓమ్‌లు తగిలిస్తే ఒకటిన్నర మిల్లీ ఆంపియర్‌లు ఉన్న ఆ ఎమిటర్ అడిగినంత కరెంటు ఇవ్వలేదు. సిగ్నల్ కాస్త పెద్దదైతే కింది సగం కోసేసినట్టు అవుతుంది, మీరు కొలిచింది నిరోధం కాదు, క్లిప్పింగ్. దానికి బదులు లోడ్ లేకుండా 20 మిల్లీవోల్టులు ఉంచండి, 1 కిలో ఓమ్‌ను కెపాసిటర్ ద్వారా తగిలించండి, వోల్టేజి ఎంత తగ్గిందో చూడండి. 19.2కు వచ్చిందనుకోండి. ఈ సూత్రంలో వేయండి:

Ro = R × (V0/V1 − 1)

1000 గుణించు 20/19.2 నుంచి 1 తీసేసినంత, అంటే 42 ఓమ్‌ల దగ్గర వస్తుంది. కెపాసిటర్ మాత్రం చిన్నది పెట్టకండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 10 మైక్రోఫారడ్‌లు అయితే దాని సొంత అవరోధం 16 ఓమ్‌లే, 1 కిలో ఓమ్ పక్కన అది లెక్కలోకి రాదు.